హెచ్‌డీ రెడీ టీవీకి 720p పెట్టాలా, 1080p పెట్టాలా? 50Hz మంచిదా, 60Hz మంచిదా?

ప్రశ్న: అమ్మ తణుకులో ఒక్కతే ఉంటుంది. ఇంట్లో ఏడేళ్ల కిందట కొన్న 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ ఉంది. ఒక పోర్టుకు డీటీహెచ్ వాళ్ల హెచ్‌డీ బాక్స్ పెట్టాం, రెండో దానికి పోయిన నెల యాపుల్లో వీడియోలు చూసే స్ట్రీమింగ్ స్టిక్ కొని పెట్టాను. బాక్స్‌లో వార్తలు చూస్తే కింద స్క్రోలింగ్ నున్నగా పోతుంది. అదే ఛానెల్ స్టిక్‌లో చూస్తే స్క్రోలింగ్ తడబడుతూ కదులుతుంది, పైగా దాని అడుగు భాగం తెగిపోతుంది. మెనూలో తెలుగు అక్షరాలు మసకగా ఉన్నాయి. షాపతను "హెచ్‌డీ రెడీ కదా, 720p పెట్టండి" అన్నాడు. మా అబ్బాయి 1080p 60Hz పెట్టాడు. బావగారేమో "ఆటోలో వదిలెయ్యండి, అదే చూసుకుంటుంది" అంటున్నారు. ఎవరి మాట వినాలి? అమ్మకు తలనొప్పి వస్తోందట. టీవీయే మార్చాలా? — ఓ పాఠకురాలు

సమాధానం: ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉందండీ. కాకపోతే స్క్రోలింగ్ తడబాటుకు జవాబు ఆ మూడు సలహాల్లో దేనిలోనూ లేదు. అక్షరాల మసకకు కారణం రిజల్యూషన్. అంచు తెగడానికి కారణం టీవీలోని వేరే సెట్టింగు. తడబాటుకు కారణం రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే ఆ Hz అంకె. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ పది నిమిషాల పని.

ముందు అక్షరాల సంగతి. హెచ్‌డీ రెడీ అని అమ్మిన 32 అంగుళాల టీవీల్లో ప్యానెల్ సాధారణంగా 1366 x 768 ఉంటుంది. అంటే అడ్డంగా 1366 చుక్కలు, నిలువునా 768 వరుసలు. టీవీతో వచ్చిన పుస్తకంలో చివరి పేజీల్లో Resolution అని ఉన్న చోట ఈ అంకె కనిపిస్తుంది. పెట్టె మీద 1080p అని రాసి ఉన్నా అది ప్యానెల్ సంగతి కాకపోవచ్చు. 1080p బొమ్మను తీసుకుని కుదించి చూపగలదని మాత్రమే దాని అర్థం కావచ్చు.

720p అంటే 720 వరుసల బొమ్మ, 1080p అంటే 1080 వరుసల బొమ్మ. మీ స్టిక్ పంపగలిగే ఈ రెండు కొలతలూ ఈ ప్యానెల్‌కు సరిగ్గా అతకవు. 720p పంపితే టీవీ ప్రతి 15 వరుసలను 16 వరుసలుగా సాగదీయాలి. 1080p పంపితే ప్రతి 45 వరుసలను 32కి కుదించాలి. ఎలాగూ టీవీ సర్దుబాటు చేయక తప్పదు. కాబట్టి ఏ సర్దుబాటులో తక్కువ పోతుందన్నదే ప్రశ్న. చాలా స్టిక్‌లు తమ మెనూను 1080 వరుసల్లో గీసుకుంటాయి. 720p పెడితే ఆ మెనూను స్టిక్ ఒకసారి కుదిస్తుంది, తర్వాత టీవీ దాన్ని మళ్లీ సాగదీస్తుంది. రెండుసార్లు నలిగిన అక్షరం మసకబారుతుంది. 1080p పెడితే కుదింపు ఒక్కసారే జరుగుతుంది. అందుకే షాపతను చెప్పింది లెక్కకు దగ్గరగా వినిపించినా, ఎక్కువ టీవీల్లో మీ అబ్బాయి పెట్టిన 1080pయే మెరుగు.

"ఎక్కువ టీవీల్లో" అన్నది ఊరికే అనలేదు. కొన్ని చవక టీవీలు 1080 వరుసలను నేర్పుగా కలిపి కుదించవు, మధ్య మధ్య వరుసలను వదిలేస్తాయి. అలాంటి టీవీలో 720pయే శుభ్రంగా ఉంటుంది. మీది ఏ రకమో తెలుసుకోవడానికి మన లిపే మంచి పరీక్ష. స్టిక్ మెనూను తెలుగులోకి మార్చండి, లేదా తెలుగు సబ్‌టైటిల్ ఉన్న చోట వీడియో ఆపండి. తలకట్టులూ ఒత్తులూ చూడండి. 1080pలో కొన్ని అక్షరాల తలకట్టు పలచగా, పక్క అక్షరాలది మందంగా కనిపిస్తే, లేదా సన్నని అడ్డగీత అక్కడక్కడా మాయమైతే, టీవీ వరుసలు వదిలేస్తోందని అర్థం. అప్పుడు 720p పెట్టి అదే చోటు మళ్లీ చూడండి. గీతలన్నీ ఒకే మందంలో ఉండి కాస్త మెత్తగా మాత్రమే కనిపిస్తే అదే ఉంచేయండి.

ఈ పరీక్ష అమ్మగారు కూర్చునే చోటు నుంచే చేయండి. 32 అంగుళాల తెర వెడల్పు దాదాపు 71 సెంటీమీటర్లు, అందులో 1366 చుక్కలంటే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. మామూలు చూపు ఉన్నవాళ్లకు ఆరడుగులు దాటాక ఆ చుక్కలు విడివిడిగా తెలియవు. అమ్మగారు ఎనిమిదడుగుల దూరంలో కూర్చుంటే 720pకీ 1080pకీ తేడా చాలా స్వల్పం. మరి అంత దూరం నుంచి కూడా అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయంటే కారణం మరొకటి కావచ్చు. టీవీ పిక్చర్ మెనూలో Sharpness ఎంతుందో చూడండి. మరీ ఎక్కువగా ఉంటే అక్షరాల చుట్టూ తెల్లని నీడ లాంటి అంచు వస్తుంది, దూరం నుంచి అది మసకలాగే కనిపిస్తుంది. ఆ నీడ పోయేదాకా తగ్గించండి.

ఇక అడుగున తెగిపోయే స్క్రోలింగ్. టీవీ బొమ్మను కొద్దిగా పెద్దది చేసి, నాలుగు అంచులనూ తెర బయటికి నెట్టేస్తోంది. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పాత గాజు ట్యూబు టీవీల కాలంలో ప్రసారపు అంచుల్లోని లోపాలు దాచడానికి పెట్టిన అలవాటు ఇది, చాలా ఎల్‌సీడీ టీవీల్లోనూ మిగిలిపోయింది. దీనివల్ల అంచు పోవడమే కాదు, బొమ్మ అదనంగా సాగి అక్షరాలు కూడా చెడతాయి. కాబట్టి పైన చెప్పిన తలకట్టు పరీక్షకు ముందే దీన్ని సరిచేయాలి.

స్టిక్ పెట్టిన పోర్టు తెర మీద ఉండగా టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజు మెనూ తెరవండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది: Just Scan, Screen Fit, Full Pixel, Dot by Dot, లేదా సూటిగా Overscan అని ఉండి దాన్ని Off చేయాల్సి రావచ్చు. చాలా టీవీలు ఈ సెట్టింగును ఒక్కో పోర్టుకు విడిగా గుర్తుపెట్టుకుంటాయి. మీ బాక్స్‌లో అంచు తెగకపోవడానికి అదొక కారణం కావచ్చు. కొన్ని టీవీల్లో ఆ పేర్లేవీ కనిపించవు గానీ, పోర్టు పేరును PC అని మారిస్తే అంచు తిరిగి వస్తుంది.

స్టిక్ మెనూలో కూడా తెర అంచులు సర్దే ఏర్పాటు ఉంటుంది. ఫైర్ టీవీలో దాని పేరు Calibrate Display. ముందే దాని జోలికి వెళ్లకండి. అది టీవీ నెట్టేసే మేరకు బొమ్మను ముందుగానే చిన్నది చేస్తుంది, అంటే ఇంకో కుదింపు. టీవీలో ఏ దారీ లేకపోతేనే వాడండి.

ఇప్పుడు అసలు విషయం, అమ్మగారికి తలనొప్పి తెస్తోందంటున్న తడబాటు. మన దేశంలో టీవీ ప్రసారం మొదటి నుంచీ సెకనుకు 25 బొమ్మల లెక్కన నడుస్తోంది. అందుకే వార్తా ఛానెళ్లు, సీరియళ్లు యాపుల్లోకి వచ్చేటప్పుడు కూడా తరచూ 25 బొమ్మలతోనో, 50 బొమ్మలతోనో వస్తాయి. డీటీహెచ్ బాక్స్ ఆ లెక్క ప్రకారమే 50Hzలో టీవీకి పంపుతుంది. స్టిక్‌ను మాత్రం 60Hzలో పెట్టారు.

25 బొమ్మల వీడియోలో ఒక్కో బొమ్మ తెర మీద 40 మిల్లీసెకన్లు నిలవాలి. 60Hzలో తెర మారేది 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. 16.7ని ఎన్నిసార్లు కలిపినా 40 రాదు. రెండుసార్లయితే 33, మూడుసార్లయితే 50. కాబట్టి స్టిక్ ఒక బొమ్మను 33 మిల్లీసెకన్లు చూపి, తర్వాతి దాన్ని 50 మిల్లీసెకన్లు నిలబెడుతూ ఎలాగో సగటు కుదురుస్తుంది. మనిషి ముఖం చూస్తున్నప్పుడు ఇది పెద్దగా తెలియదు. ఒకే వేగంతో జరిగే స్క్రోలింగ్‌లో మాత్రం, అక్షరాలు ఒక అడుగు త్వరగా, ఒక అడుగు ఆగి వేస్తున్నట్టు కనిపిస్తుంది. వాటిని చదవడానికి కన్ను వెంటపడుతుంది కాబట్టి అలసట కూడా వస్తుంది. 50Hzలో తెర మారేది 20 మిల్లీసెకన్లకు ఒకసారి. ప్రతి బొమ్మా సరిగ్గా రెండుసార్లు, 40 మిల్లీసెకన్లు నిలుస్తుంది. బాక్స్‌లో స్క్రోలింగ్ నున్నగా ఉండటానికి కారణం ఇదే.

ఊహ మీద మార్చకుండా ముందు చూసుకోండి. ఆ ఛానెల్ లైవ్ యూట్యూబ్‌లో వస్తుంటే, స్టిక్‌లోని యూట్యూబ్‌లో దాన్ని పెట్టి, వీడియో సెట్టింగుల గుర్తు నొక్కి Stats for nerds ఆన్ చేయండి. తెర మూల వచ్చే పట్టీలో 1280x720@25 లాంటి అంకె ఉంటుంది. @ తర్వాత ఉన్నది సెకనుకు ఎన్ని బొమ్మలో చెబుతుంది. అక్కడ 25 గానీ 50 గానీ ఉంటే 50Hz సరిపోతుంది. 30 గానీ 60 గానీ ఉంటే 60Hz సరిపోతుంది. అమ్మగారు రోజూ చూసే నాలుగైదు కార్యక్రమాలకు ఈ అంకె చూసి రాసుకుంటే మిగతా నిర్ణయం సులువవుతుంది.

మీ ముందు మూడు దారులున్నాయి.

అమ్మగారు స్టిక్‌లో ఎక్కువగా చూసేవి తెలుగు వార్తలు, సీరియళ్లు అయి, అంకెలు 25 గానీ 50 గానీ ఉంటే 1080p 50Hz పెట్టి వదిలేయండి, తలకట్టు పరీక్షలో 720p మెరుగని తేలితే 720p 50Hz పెట్టండి. ఫైర్ టీవీలో దారి ఇది: Settings, Display & Sounds, Display, Video Resolution. గూగుల్ టీవీ స్టిక్‌లో Display & Sound కింద Resolution అని ఉంటుంది. దీనికి మూల్యం కూడా ఉంది. ఫోనుతో తీసి యూట్యూబ్‌లో పెట్టే వంటల వీడియోల వంటివి చాలావరకు 30 బొమ్మలవి. 50Hzలో అవి కొంచెం తడబడతాయి. ఆ వీడియోల్లో స్క్రోలింగ్ ఉండదు గనక కంటికి అంత గుచ్చుకోదు. సినిమాలు ఎక్కువగా 24 బొమ్మలవి. వాటికి 50Hzలో సెకనుకు రెండుసార్లు చిన్న ఆగుడు వస్తుంది. కెమెరా ఊరి మీదుగా మెల్లగా తిరిగే షాట్లో మాత్రమే అది పట్టుబడుతుంది.

రాసుకున్న అంకెల్లో 30, 60 ఎక్కువగా ఉంటే ఇప్పుడున్న 60Hzయే నయం, వార్తలను బాక్స్‌లోనే చూడమనండి. 24 బొమ్మల సినిమా 60Hzలో ఒక బొమ్మ రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు వంతున నడుస్తుంది. అది కూడా సమానం కాదు, కానీ లయ ఒకేలా ఉంటుంది గనక చాలామందికి అలవాటైపోయింది.

మూడోది బావగారు చెప్పిన ఆటో. దీని గురించి ఒక అపోహ తీర్చాలి. ఆటో మీ ప్యానెల్‌ను కొలవదు. టీవీ తాను ఏయే రకాల బొమ్మ తీసుకోగలదో ఒక జాబితా హెచ్‌డీఎంఐ తీగ గుండా స్టిక్‌కు పంపుతుంది, స్టిక్ అందులోంచి ఒకటి ఎంచుకుంటుంది. 768 వరుసల టీవీ కూడా ఆ జాబితాలో 1080p 60Hz ఉందని చెప్పవచ్చు. కాబట్టి ఒట్టి ఆటో పెడితే మీరు తిరిగి ఇప్పుడున్న చోటికే రావచ్చు. దానికి తోడు Match Original Frame Rate అనే మీట ఉంటే మాత్రం కథ వేరు. ఫైర్ టీవీలో రిజల్యూషన్ ఆటోలో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. గూగుల్ టీవీల్లో Match content frame rate అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే వీడియో 25 బొమ్మలదైతే స్టిక్ 50Hzకి, 30దైతే 60Hzకి తానే మారుతుంది. అన్ని రకాల వీడియోలూ చూసే ఇంటికి ఇది న్యాయమైన దారి. ఇబ్బంది రెండు చోట్ల. యాపు కూడా దీనికి సహకరించాలి, అన్నీ సహకరించవు. రెండోది, మారిన ప్రతిసారీ తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. ఒంటరిగా ఉన్న పెద్దావిడ టీవీ పాడైందని కంగారు పడి మీకు ఫోన్ చేయవచ్చు. అందుకే ఆమె చూసేవన్నీ దాదాపు ఒకే రకమైతే మొదటి దారే నాకు నచ్చుతుంది.

కొత్త రిజల్యూషన్ ఎంచుకోగానే సరిగ్గా కనిపిస్తోందా అని స్టిక్ అడుగుతుంది. తెర నల్లగా ఉండిపోతే ఏమీ నొక్కకండి, కాసేపటికి పాతదానికే తిరిగి వస్తుంది. రాకపోతే ఫైర్ టీవీ రిమోట్‌లో పైకి బాణం, వెనక్కి తిప్పే రివైండ్ మీట రెండూ కలిపి కొన్ని సెకన్లు పట్టుకోండి. స్టిక్ ఒక్కో రిజల్యూషన్‌నూ వరుసగా చూపిస్తుంది. బొమ్మ కనిపించిన దగ్గర Use Current Resolution నొక్కాలి. ఈ రెండు మీటల సంగతి అమ్మగారి రిమోట్ వెనక చీటీ మీద రాసి అంటించండి. మార్చడం అయ్యాక టీవీ రిమోట్‌లో ఇన్ఫో మీట ఉంటే నొక్కండి, టీవీకి నిజంగా ఏం అందుతోందో అక్కడ 1080p 50Hz అని రావాలి.

బాక్స్ నున్నగానే పనిచేస్తోంది గనక దాన్ని పెద్దగా కదపనక్కర్లేదు. ఒక్కటి చూడండి. మన హెచ్‌డీ ఛానెళ్లు ఎక్కువగా 1080i, అంటే ఒకసారి సరి వరుసలు, ఒకసారి బేసి వరుసలు పంపే పద్ధతి. వాటిని కలిపి పూర్తి బొమ్మ చేయాల్సింది ఎవరన్నదే బాక్స్ మెనూలోని ఎంపిక. 1080i పెడితే టీవీ కలుపుతుంది, 720p పెడితే బాక్స్ కలిపి పంపుతుంది. క్రికెట్లో బంతి అంచునో, పరిగెత్తే మనిషి చేతుల దగ్గరో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే మీ టీవీకి ఆ పని సరిగా రాదన్నమాట, బాక్స్‌ను 720pకి మార్చండి. కనిపించకపోతే 1080iలోనే ఉండనివ్వండి. 576 అని ఉన్న ఎంపికలో మాత్రం ఉండకూడదు. అది పాత ఎస్‌డీ కొలత, హెచ్‌డీ ఛానెల్‌కు కట్టే డబ్బు వృథా అవుతుంది.

టీవీ మార్చాలా అన్నారు. ఈ తడబాటు కోసమైతే అక్కర్లేదు. ఫుల్ హెచ్‌డీ కొన్నా, 4కే కొన్నా, స్టిక్ 60Hzలోనే ఉంటే 25 బొమ్మల స్క్రోలింగ్ అక్కడా ఇలాగే తడబడుతుంది. అక్షరాల కోసమైతే దూరం లెక్క చూడండి. అదే 32 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ ప్యానెల్ చుక్కలు నాలుగడుగులు దాటగానే కలిసిపోతాయి. ఎనిమిదడుగుల నుంచి చూసేవారికి ఆ అదనపు చుక్కలు కనిపించవు. అమ్మగారికి అక్షరాలు చిన్నవిగా అనిపిస్తుంటే, 43 అంగుళాల తెర ఉపయోగపడుతుంది, అది కూడా పరిమాణం వల్ల. తలనొప్పి ఈ మార్పుల తర్వాతా ఉంటే కళ్ల డాక్టరుకు చూపించండి.

50Hz పెట్టి, ఇన్ఫోలో కూడా 50 అని వచ్చి, అయినా స్క్రోలింగ్ ఆగుతూ పోతుంటే మళ్లీ Stats for nerds తెరవండి. అక్కడ dropped frames అనే అంకె ఉంటుంది. చూస్తుండగా అది పెరుగుతూ పోతుంటే స్టిక్ బొమ్మలను సమయానికి విప్పలేక వదిలేస్తోంది. వీడియో నాణ్యతను ఒక మెట్టు తగ్గించి చూడండి, వెనక నడుస్తున్న యాపులు మూసి స్టిక్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఆ అంకె కదలకుండా ఉండి తడబాటు మాత్రం ఉంటే, అదే ఛానెల్‌ను వెంటనే బాక్స్‌లో పెట్టి పోల్చండి. బాక్స్‌లో నున్నగా ఉండి యాపులో మాత్రమే ఉంటే, యాపుకు పంపే ముందే 25 బొమ్మలను 30గా మార్చి ఉండవచ్చు. తడబాటు వీడియోలోనే కలిసిపోయింది కాబట్టి మీ వైపు ఏ సెట్టింగూ దాన్ని తీయలేదు. ఆ ఒక్క ఛానెల్‌ను అమ్మగారు బాక్స్‌లోనే చూడటం మేలు.